అపోహలు - వాస్తవాలు: క్యూ పెట్టాక ఈఆర్‌పీలో ఒకే సరుకుకు రెండు రసీదులు ఎలా పడతాయి?

ఒంగోలు, నెల్లూరు మధ్య ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో కొనుగోళ్లు, స్టాకు, ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఈఆర్‌పీని కాటా, కోల్డ్ స్టోరేజీ, బ్యాంకు చెల్లింపుల సిస్టమ్‌లతో కలిపే పని నాది. రోజంతటి చీటీలను ఒకే ఫైలుగా పంపే రాత్రి బ్యాచ్ తీసేసి, ఒక్కో చీటీని అప్పటికప్పుడు సందేశంగా అందించే మెసేజ్ క్యూ పెట్టిన ప్రతిచోటా ఒకే మాట వినిపిస్తుంది: "క్యూ వచ్చింది కదండీ, ఇక లెక్క తప్పే ప్రశ్నే లేదు." నా అనుభవంలో యజమానులకు ఎక్కువ డబ్బు నష్టం తెచ్చిన నమ్మకం ఇదే కనుక ఎక్కువ భాగం దీని గురించే రాస్తాను.

అపోహ: క్యూలో వేసిన సందేశం సరిగ్గా ఒక్కసారే అందుతుంది.

వాస్తవం: మనం మామూలుగా వాడే క్యూలు ఇచ్చే హామీ "కనీసం ఒక్కసారి" అన్నంతవరకే. సందేశం తీసుకున్న ప్రోగ్రామ్ పని పూర్తిచేసి, అందినట్లు తిరిగి చెప్పేదాకా క్యూ ఆ సందేశాన్ని తుడిచివేయదు. ఒకప్పటి రిజిస్టర్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగి రాకపోతే ఉత్తరం అందలేదో, కార్డే దారిలో పోయిందో పంపినవారికి తెలియనట్లే, జవాబు రానప్పుడు పని జరగలేదో, జరిగి జవాబు మాత్రమే ఆగిందో క్యూకు తెలియదు. సందేశం పోవడం కంటే రెండోసారి ఇవ్వడం మేలని అది మళ్లీ అందిస్తుంది. ఇది క్యూలో లోపం కాదు, దాన్ని అలాగే రూపొందించారు.

కావలి వైపు ఒక ప్లాంటులో జరిగినది చెబుతాను. లారీ దిగగానే సరుకు తూచి కాటా చీటీ ఇస్తారు. ఆ చీటీ సందేశంగా అమెజాన్ ఎస్‌క్యూఎస్ క్యూలోకి వెళుతుంది. ఒక వర్కర్ ప్రోగ్రామ్ దాన్ని తీసుకుని ఈఆర్‌పీలో సరుకు రసీదు, అంటే జీఆర్‌ఎన్, పోస్ట్ చేస్తుంది. మామూలు రోజుల్లో ఈ పోస్టింగ్ రెండు మూడు సెకన్లలో అయిపోయేది. నెలాఖరున స్టాకు విలువ కట్టే రిపోర్టులు నడుస్తుండగా ఈఆర్‌పీ నెమ్మదించి, 40 కౌంటు రొయ్యలు 1,840 కిలోలున్న ఒక చీటీకి 40 సెకన్లు పట్టింది. ఒకరు తీసుకున్న సందేశాన్ని మిగతా వర్కర్లకు కనిపించకుండా ఉంచే గడువును ఎస్‌క్యూఎస్‌లో విజిబిలిటీ టైమ్‌అవుట్ అంటారు; దాన్ని ఎవరూ మార్చకపోతే 30 సెకన్లుంటుంది. ఆ గడువు దాటగానే క్యూ అదే చీటీని రెండో వర్కర్‌కు ఇచ్చింది. మొదటి వర్కర్ ఒక జీఆర్‌ఎన్ వేసింది, కాసేపటికి రెండోది ఇంకొకటి వేసింది. కిలో 380 రూపాయల చొప్పున రైతుకు ఇవ్వాల్సిన 6,99,200 రూపాయలు పుస్తకాల్లో 13,98,400 అయ్యాయి.

లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు, రెండు పోస్టింగులూ విజయవంతమైనవే. ఈఆర్‌పీ ఖాళీగా ఉన్నప్పుడు చేసే టెస్టింగ్‌లో ఇది బయటపడదు కూడా. పట్టుకున్నది అకౌంటెంటు గారు. బ్యాచ్ తీసేశాక కూడా ఆయన రోజూ కాటా మొత్తాన్ని, జీఆర్‌ఎన్ మొత్తాన్ని పక్కపక్కన ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకునేవారు. కుర్రవాళ్లు దాన్ని చాదస్తమన్నారు. ఆ కాగితం పట్టుకొచ్చి ఆయన అడిగింది ఒక్కటే: "కాటాలో లేని సరుకు పుస్తకంలోకి ఎట్టా వచ్చింది అబ్బాయ్?"

మీ దగ్గర ఇలా జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే, ఒకే కాటా చీటీ నంబరు మీద ఒకటికి మించిన జీఆర్‌ఎన్‌లున్నాయేమో వెతకండి. దొరికితే ఆ చీటీ సందేశాన్ని వర్కర్లు ఎప్పుడెప్పుడు తీసుకున్నాయో లాగ్‌లో చూడండి. ఆ రెండు సమయాల మధ్య తేడా టైమ్‌అవుట్‌కు దగ్గరగా ఉంటే కారణం ఇదే. వర్కర్ లాగ్‌లో `ApproximateReceiveCount` విలువను కూడా రాయించుకుంటే, 2 కనిపించినప్పుడల్లా అది మళ్లీ వచ్చిన సందేశమని తెలుస్తుంది.

ఇక్కడ అందరూ మొదట చేసేది టైమ్‌అవుట్‌ను పది నిమిషాలకు పెంచడం. దానితో సమస్య తగ్గుతుంది కానీ పోదు. జీఆర్‌ఎన్ పడిన మరుక్షణం వర్కర్ ఆగిపోతే పది నిమిషాల తర్వాతైనా అదే చీటీ మళ్లీ వస్తుంది. సందేశాలను వచ్చిన వరుసలోనే ఇచ్చే ఫిఫో క్యూ పెడితే చాలన్నది మరో పుకారు. పంపేవైపు నుంచి 5 నిమిషాలలోపు మళ్లీ వచ్చిన నకళ్లను అది ఆపుతుంది గానీ, తీసుకున్న వర్కర్ గడువు దాటిస్తే మళ్లీ ఇవ్వడం మానదు. కాఫ్కా అనే మరో సందేశాల వ్యవస్థలో 2017లో వచ్చిన "సరిగ్గా ఒక్కసారి" సదుపాయం కాఫ్కా నుంచి చదివి కాఫ్కాలోకే రాసే పనికి వర్తిస్తుంది; మీ ఈఆర్‌పీ డేటాబేసు దాని పరిధిలో లేదు.

చేయవలసింది వేరు. ఒకే చీటీ రెండుసార్లు వచ్చినా రెండోసారి ఏమీ జరగకుండా వర్కర్‌ను రాయాలి. చీటీ నంబరు, సవరణ సంఖ్య కలిపి ఒక టేబుల్‌లో, రెండోసారి చేరనివ్వని యూనిక్ కీగా పెట్టి, జీఆర్‌ఎన్ పోస్టింగ్ జరిగే ట్రాన్సాక్షన్‌లోనే ముందుగా ఈ వరుస రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఇలా ఉంటుంది:

```sql
INSERT INTO posted_slips (slip_no, rev)
VALUES ('W-4417', 1)
ON CONFLICT DO NOTHING;
```

ఒక వరుస చేరితే జీఆర్‌ఎన్ వేయండి; సున్నా వస్తే అది ముందే పడిందని అర్థం కనుక, క్యూకు అందినట్లు చెప్పి వదిలేయండి. ఇద్దరు వర్కర్లు ఒకేసారి వచ్చినా, మొదటిది కమిట్ అయ్యేదాకా రెండోది ఇక్కడే ఆగుతుంది. "ముందు వెతికి, లేకపోతే వేద్దాం" అని రాస్తే ఈ రక్షణ ఉండదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే క్షణంలో వెతికి ఇద్దరూ లేదనుకోవచ్చు. ఈఆర్‌పీ తన ఏపీఐ ద్వారా తప్ప లోపలికి రానివ్వకపోతే ఒకే ట్రాన్సాక్షన్ కుదరదు; అప్పుడు చీటీ నంబరు, సవరణ సంఖ్య కలిపి జీఆర్‌ఎన్‌లోని బయటి రిఫరెన్సు ఫీల్డులో రాసి, అది రెండోసారి రాకుండా ఈఆర్‌పీలోనే నిబంధన పెట్టించాలి. కీగా సందేశం ఐడీని వాడకండి. కాటా కంప్యూటర్ నెట్ పోయి మళ్లీ పంపితే అదే చీటీకి కొత్త ఐడీ వస్తుంది. సవరణ సంఖ్య ఎందుకంటే, ఐసు తూకం తీసేసి సరిచేసిన చీటీ నకలు కాదు, దాన్ని మింగేయకూడదు.

అపోహ: బ్యాచ్ పాతబడింది, దానిలో నేర్చుకునేదేమీ లేదు.

రాత్రి 11 గంటలకు వెళ్లే ఫైలు చివరి వరుసలో మొత్తం చీటీలెన్ని, మొత్తం కిలోలెన్ని అన్న లెక్క ఉండేది. ఈఆర్‌పీ ఆ లెక్కతో సరిపోల్చి, తేడా వస్తే ఫైలునే తిప్పికొట్టేది. క్యూకు మారినప్పుడు చాలామంది ఫైలుతో పాటు ఈ సరిపోల్చడాన్ని కూడా పారేస్తారు. అందుకే క్యూ అంటే భయపడే అకౌంట్సు వారిని నేను తప్పుపట్టను. వారి ఆందోళనకు ఆధారం ఉంది. క్యూ ఉన్నా రాత్రిపూట సరిపోల్చే బ్యాచ్ ఒకటి నడపండి. అయితే 11 గంటలకు నడిపితే 10 గంటలలోపు తూచిన చీటీలనే లెక్కలోకి తీసుకోండి, లేకపోతే ఇంకా క్యూలో ఉన్న సందేశాలు రోజూ తేడాగా కనిపించి, కొన్నాళ్లకు ఆ రిపోర్టును ఎవరూ చూడరు.

అపోహ: అన్నింటినీ క్యూలోకి మార్చాలి. అక్కరలేదు. రైతుల చెల్లింపుల ఫైలు బ్యాంకుకు రోజుకు ఒకసారి వెళితే దాన్ని అలాగే ఉంచండి. లారీ గేటు దాటకముందే తెలియాల్సినవాటికే క్యూ అవసరం.

అపోహ: సందేశాలు పంపిన వరుసలోనే పోస్ట్ అవుతాయి. మామూలు క్యూలో వర్కర్లు ఇద్దరుంటే ఆ భరోసా లేదు. చీటీ సవరణ 2 ముందుగా పోస్టయి, సవరణ 1 తర్వాత వస్తే, పాతదాన్ని వేయకుండా వదిలేసే షరతు కూడా వర్కర్‌లో ఉండాలి.