రోజువారీ వర్షపాతం నుంచి ఆర్ ఫ్యాక్టర్: అపోహలు - వాస్తవాలు

వాటర్‌షెడ్ రిపోర్టులు, ఎం.టెక్ థీసిస్‌లు నా దగ్గరికి చూసిపెట్టమని వస్తుంటాయి. నేల కోతను అంచనా వేసే ఆర్‌యూఎస్‌ఎల్‌ఈ సమీకరణంలో మిగతా ఫ్యాక్టర్లన్నీ శ్రద్ధగా చేసినవాళ్లు కూడా, వానకి నేలను కోసే శక్తి ఎంతో చెప్పే ఆర్ దగ్గరికొచ్చేసరికి ఒకే గోతిలో పడుతున్నారు. ఎవరో ఎప్పుడో చేసిన ఎక్సెల్ షీట్ ఒకటి చేతులు మారుతూ తిరుగుతోంది, అందులో ఉన్న తప్పు కూడా దానితో పాటే తిరుగుతోంది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: “రోజు వర్షాన్ని 24తో భాగిస్తే తీవ్రత వస్తుంది, దాన్ని శక్తి సమీకరణంలో పెడితే EI30 వచ్చేస్తుంది.”

రాదు. వచ్చేది ఏదో ఒక అంకె, అంతే. EI30 అంటే ఒక వాన మొత్తం శక్తిని, అందులో అన్నిటికంటే జోరుగా కురిసిన అరగంట తీవ్రతతో, అంటే I30తో, గుణిస్తే వచ్చేది; ఏడాది పొడవునా వచ్చిన EI30ల మొత్తానికి ఏళ్ల సగటే ఆర్. మన దగ్గర 60 మి.మీ. వాన 24 గంటల పాటు సమానంగా కురిసిన రోజు ఎవరైనా చూశారా? సాయంత్రం మబ్బు కమ్మి, రెండు గంటల్లో కుమ్మరించి వెళ్లిపోతుంది. వర్షమాపకంలో మాత్రం మర్నాడు ఉదయం 8:30కి 60 అని ఒకే అంకె కనిపిస్తుంది.

ఒకసారి చేత్తో లెక్కేసి చూద్దాం. శక్తికి అందరూ వాడే సమీకరణమే తీసుకుందాం:

```
e = 0.29 * (1 - 0.72 * exp(-0.05 * i))
```

ఇక్కడ `i` గంటకు మి.మీ.లో, `e` హెక్టారుకు ఒక్కో మి.మీ. వానకు మెగాజౌల్స్‌లో. ముందు ఆ షీట్ చేసే పద్ధతి. 60ని 24తో భాగిస్తే గంటకు 2.5 మి.మీ. అప్పుడు `e` సుమారు 0.106, మొత్తం శక్తి 6.3. I30 కూడా అదే 2.5 కాబట్టి EI30 దాదాపు 16.

ఇప్పుడు అదే 60 మి.మీ. రెండు గంటల్లో పడిందనుకోండి: మొదటి అరగంటలో 30, తర్వాత అరగంటల్లో వరుసగా 15, 10, 5. మొదటి అరగంట తీవ్రత గంటకు 60 మి.మీ., అక్కడ `e` 0.28. నాలుగు ముక్కలూ కలిపితే శక్తి సుమారు 15. I30 ఏమో 60. కాబట్టి EI30 దాదాపు 900.

పదహారెక్కడ, తొమ్మిది వందలెక్కడ! వర్షమాపకంలో అంకె ఒకటే, తేడా 50 రెట్లకు పైనే. గమనించాల్సింది ఇంకోటుంది: శక్తి రెండున్నర రెట్లే పెరిగింది, మిగతా తేడా అంతా I30 నుంచే వచ్చింది. రోజు మొత్తంలో లేని సమాచారం సరిగ్గా అదే.

ఒకసారి అనంతపురం వైపు ఒక ప్రాజెక్టు రిపోర్టు చూశాను. ఈ పద్ధతిలో కట్టిన ఆర్ మీద హెక్టారుకు ఏడాదికి అర టన్ను కూడా నేల పోవడం లేదని తేల్చారు, అదే రిపోర్టు వెనక పేజీల్లో మనిషి నిలబడితే నడుము దాకా వచ్చే కోత వాగుల ఫొటోలున్నాయి. గల్లీ కోతను ఆర్‌యూఎస్‌ఎల్‌ఈ లెక్కించదు, నిజమే, కానీ అలాంటి చోట పొలం మీద కోత అర టన్నే అని వస్తే ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోవాలి కదా. ఆ అంకెను పట్టుకుని ఇక్కడ గట్లు అక్కర్లేదని ఎవరో సంతకం పెట్టేస్తే నష్టపోయేది రైతు.

మరి రోజువారీ డేటా పనికిరాదా?

ఇది దీనికి రివర్స్ అపోహ. “పది, పదిహేను నిమిషాల డేటా లేకపోతే ఆర్ కట్టకూడదట” అని విని, వైవాకి నెల ముందు కంగారుగా ఫోన్ చేసే పిల్లలున్నారు. టెన్షన్ పడకండి. రోజువారీ డేటాతో ఆర్ కట్టవచ్చు, ప్రపంచమంతా కడుతున్నారు. కాకపోతే శక్తి సమీకరణంలో నేరుగా పెట్టరు. రోజు వర్షానికీ ఆ రోజు EI30కీ మధ్య సంబంధాన్ని ముందే కనిపెట్టి, దాన్ని వాడతారు:

```
Rday = a * P^b
```

`b` సాధారణంగా ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఉంటుంది. ఉదాహరణకి, చైనాలో మే నుంచి సెప్టెంబర్ దాకా వాడే మోడల్‌లో `a` 0.3937, `b` 1.7265. మన 60 మి.మీ. రోజుకి ఇది సుమారు 460 ఇస్తుంది. ఆ కుంభవృష్టి 900లో ఇది సగం, షీట్ చెప్పిన పదహారుకి దాదాపు 29 రెట్లు. 60 మి.మీ. పడిన రోజుల్లో కొన్ని ఉరుముల వానలు, కొన్ని ముసురు, వాటన్నిటి సగటు ఇది. అందుకే ఒక్క రోజుకి దీన్ని నమ్మకూడదు, ఇరవై ఏళ్ల సగటుకి నమ్మవచ్చు. ఫలానా తేదీన ఎంత కోత పడిందో ఈ పద్ధతితో చెప్పమని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పేయండి.

ఆ `a`, `b` లను చైనా నుంచి దించుకోవడం కూడా సరికాదు, దిక్కులేనప్పుడు తప్ప. మన దక్కన్‌లో మే నెల 40 మి.మీ. వాన ఒక్కోసారి గంటలోపే అయిపోతుంది. నవంబర్‌లో వాయుగుండం పట్టినప్పుడు అదే 40 మి.మీ. పగలూ రాత్రీ ముసురుగా పడుతుంది. కాబట్టి `a` కనీసం సీజన్‌ని బట్టి మారాలి. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్లు ఉన్నాయి. దగ్గర్లోని స్టేషన్‌వి కొన్నేళ్ల 15 నిమిషాల రికార్డులు సంపాదించండి. 6 గంటల పాటు 1.27 మి.మీ. కంటే తక్కువ పడితే ఒక వాన ముగిసినట్టు లెక్క. అలా వానలను విడగొట్టి, ఒక్కోదానికి EI30 కట్టి, 8:30 నుంచి 8:30 దాకా ఉన్న రోజుకి చేర్చండి. రెండు రోజుల మీదుగా సాగిన వాన ఉంటే శక్తి ఏ రోజు ఎంత పడిందో ఆ నిష్పత్తిలో పంచండి. గంట డేటా మాత్రమే దొరికితే జాగ్రత్త. పై ఉదాహరణనే గంటల్లోకి మారిస్తే శక్తి దాదాపు 15గానే ఉంటుంది, కానీ గరిష్ఠ తీవ్రత 60 నుంచి 45కి పడిపోతుంది, EI30 670 దగ్గర ఆగుతుంది. ఆ పాతిక శాతం ఎలాగోలా సరిచేయాలి.

ఇక ఫిట్ చేసేటప్పుడు ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. రెండువైపులా లాగ్ తీసి ట్రెండ్‌లైన్ గీస్తాం కదా, ఆ గీత ఇచ్చేది సగటు కాదు, మధ్యస్థం. చెదురు ఎక్కువగా ఉన్నప్పుడు సగటు అంతకంటే పైన ఉంటుంది. అమెరికా స్టేషన్ల మీద 1983లో వచ్చిన రోజువారీ మోడల్‌లో ఈ చెదురు బేస్ 10 లాగ్ స్కేల్‌లో 0.34 దగ్గర తేలింది. అంత చెదురు ఉండి సవరణ చేయకపోతే అసలు సగటు మీరు కట్టినదానికి దాదాపు 1.36 రెట్లు ఉంటుంది. గణితం వద్దనుకుంటే సులువైన మార్గం ఉంది: స్టేషన్‌లో కొలిచిన EI30ల మొత్తాన్ని, మోడల్ ఇచ్చిన మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని `a`తో గుణించండి. సీజన్‌కి విడివిడిగా చేయండి.

తర్వాత కోడ్ మూడు లైన్లే, 10 మి.మీ. కంటే తక్కువ పడిన రోజులను సున్నాగా వదిలేస్తూ:

```python
p = df["rain_mm"]
rday = a * p.where(p >= 10, 0) ** b
R = rday.groupby(df.index.year).sum().mean()
```

ఈ రెండో లైన్‌లో ఒక గొయ్యి ఉంది. ఖాళీగా ఉన్న రోజులు, అంటే `NaN`, నోరెత్తకుండా సున్నాలైపోతాయి. జులై అంతా రీడింగ్ లేని ఏడాది కూడా పూర్తి ఏడాదిలాగే సగటులోకి వచ్చి కూర్చుంటుంది. ముందే ఏడాదికి ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టి, వానాకాలంలో ఖాళీలున్న ఏళ్లను పక్కన పెట్టండి.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. చేత్తో చదివే మాపకాల్లో ఆదివారం రీడింగ్ తీయకపోతే సోమవారం రెండు రోజులది కలిపి రాస్తారు. `b` ఒకటి కంటే ఎక్కువ కాబట్టి 30, 30 విడిగా ఇచ్చేది 280 అయితే, కలిపిన 60 ఇచ్చేది 460. దీన్ని పట్టుకోవడం తేలికే: వారంలో ఏ రోజు ఎన్నిసార్లు 50 మి.మీ. దాటిందో లెక్కేయండి. వానకి వారాలు తెలియవు. సోమవారాలు మాత్రమే ఎత్తుగా కనిపిస్తే విషయం అర్థమైపోతుంది.

మిగతావి, గబగబా

“అంత పెద్ద వాన తప్పుడు రీడింగ్ అయ్యుంటుంది, తీసేద్దాం.” ఆగండి. పై మోడల్ ప్రకారం 10 మి.మీ. రోజులు దాదాపు 22 కలిస్తే గానీ ఒక 60 మి.మీ. రోజుతో సమానం కావు. మీరు అవుట్‌లయర్ అని కొట్టేసిన ఆ ఒక్క రోజే ఆ ఏడాది ఆర్‌లో పెద్ద ముక్క కావచ్చు. పక్క స్టేషన్ చూసి నిర్ణయించండి, గ్రాఫ్ చూసి కాదు.

“ఐఎండీ 0.25 డిగ్రీల గ్రిడ్ ఉంది, స్టేషన్ ఎందుకు?” గ్రిడ్ అంటేనే చుట్టుపక్కల సగటు. ఒక ఊళ్లో 60, పక్క ఊళ్లో 10 పడితే గ్రిడ్ 35 అంటుంది. రెండు ఊళ్లకీ విడిగా కట్టి సగటు తీస్తే 240 వస్తుంది, 35కి కడితే 180. స్టేషన్ మీద ఫిట్ చేసిన `a`ని గ్రిడ్ మీద యథాతథంగా వాడితే ఆర్ తగ్గుతుంది. గ్రిడ్ వాడండి, కాకపోతే `a`ని గ్రిడ్ వర్షంతోనే మళ్లీ సరిచేయండి.

“వార్షిక ఫార్ములాతో పోల్చాను, పదింతలు తేడా వచ్చింది, నా లెక్క తప్పేమో.” మన దేశంలో చాలామంది వాడే `R = 81.5 + 0.38P` పాత మెట్రిక్ యూనిట్లలోది. అనంతపురం లాంటి చోట 550 మి.మీ. వేస్తే 290 వస్తుంది. దాన్ని `MJ mm/ha/h` లోకి మార్చాలంటే 9.81తో గుణించాలి, అంటే సుమారు 2,850. మీ రోజువారీ లెక్క దాని చుట్టుపక్కల ఉంటే భయం లేదు. 290నే మెగాజౌల్స్ అని రాసేసి, నేల ఎంత సులువుగా కొట్టుకుపోతుందో చెప్పే, ఎస్ఐ యూనిట్లలో ఉన్న కె ఫ్యాక్టర్‌తో గుణించిన పేపర్లు చాలానే చూశాను. వాటిలోని నేల నష్టం అంకెలతో మీది పోల్చుకునే ముందు వాళ్ల కె ఏ యూనిట్లలో ఉందో చూడండి.