60 దాటితే డిగాక్సిన్ ఇచ్చేయడమేనా? అపోహలు - వాస్తవాలు

వార్డులో కొత్తగా చేరిన నర్సుని అడగండి, ఇంట్లో అమ్మకి మందులు వేసే కొడుకుని అడగండి, గుండె మందు డిగాక్సిన్ గురించి చెప్పేది ఒకటే మాట: "నాడి 60 లోపు ఉంటే ఆపాలి, 60 పైన ఉంటే వేసెయ్యాలి." మొదటి సగంతో పెద్దగా పేచీ లేదు. ప్రాణాల మీదికి తెచ్చేది రెండో సగమే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: నాడి 60 దాటితే మందు వేయడానికి అడ్డేం లేదు.

60 అనేది పెద్దవాళ్ల విషయంలో "ఇక్కడ ఆగి డాక్టర్‌కి చెప్పు" అనే గీత మాత్రమే. అది దాటితే అంతా క్షేమమని ఎక్కడా లేదు. డిగాక్సిన్ ఎక్కువైతే గుండె నెమ్మదించడం ఒక్కటే జరగదు. లయ తప్పవచ్చు, జంట దెబ్బలు పడవచ్చు, వేగం పెరగనూ వచ్చు. ఈ మందు వేసే ముందు అంకె ఎంత ముఖ్యమో, కొట్టుకునే తీరు అంతే ముఖ్యం. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందన్నది వీటన్నిటికన్నా ముఖ్యం.

ఒక రోగిని తీసుకుందాం. 64 ఏళ్ల ఆవిడ. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ సన్నబడింది, దాంతో గుండె పైగదులు లయ తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. రోజూ డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు ఒకటి. మామూలు రోజుల్లో గుండె మీద వింటే 88, మణికట్టు దగ్గర 74, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండదు. ఆ జబ్బులో నాడి అలాగే ఉంటుంది.

నాలుగు రోజులుగా ఆవిడకి విరేచనాలు. అన్నం సహించడం లేదు, కడుపులో తిప్పుతోంది. మాత్రలు మాత్రం తప్పకుండా వేసుకుంటోంది. ఐదో రోజు పొద్దున ఎవరో మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టారు, 16 వచ్చింది. నాలుగుతో గుణించి 64 అని చార్టులో రాసి, మాత్ర వేసేశారు. గీత దాటింది కదా!

నిమిషం పాటు గుండె మీద స్టెతస్కోప్ పెట్టి విని ఉంటే వాళ్లకి 66 వినిపించేది, అదీ గడియారంలా సమంగా. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషికి నాడి ఉన్నట్టుండి సమంగా నడుస్తుంటే సంతోషపడకూడదు. పైగదుల గందరగోళం అలాగే ఉంటుంది. డిగాక్సిన్ ఎక్కువై, పైగదుల నుంచి కింది గదులకి కబురు తెచ్చే ఏవీ నోడ్ దారి మూసుకుపోయి, దాని కిందున్న జంక్షన్ అనే చోటు సొంతంగా కొట్టడం మొదలుపెట్టిందని అనుమానించాలి. ఈసీజీ తీస్తే తేలిపోతుంది: పీ తరంగాలు ఉండవు, అడుగు గీత వణుకుతూనే ఉంటుంది, కింది గదుల దెబ్బల్ని చూపే క్యూఆర్ఎస్‌లు మాత్రం సమాన దూరంలో వరసగా నిలబడతాయి.

ఇలాంటి మనిషి రక్తపరీక్షలో పొటాషియం 2.9, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంతకుముందు 1.1 ఉన్నది 1.9, డిగాక్సిన్ మిల్లీలీటరుకి 2.8 నానోగ్రాములు వస్తే ఆశ్చర్యం లేదు. గుండె బలహీనతకి వాడేవాళ్లలో కోరుకునే స్థాయి 0.5 నుంచి 0.9. రెండు దాటితే విషలక్షణాల అవకాశం బాగా పెరుగుతుంది. పొటాషియం తక్కువున్నవాళ్లకి రెండు లోపే రావచ్చు.

నాలుగు రోజుల్లో ఇంత ఎలా మారిందంటే, విరేచనాలతో నీరు పోయి కిడ్నీకి రక్తం తగ్గింది. డిగాక్సిన్ ఎక్కువ భాగం బయటికి పోయే దారి కిడ్నీయే, కాబట్టి మందు ఒంట్లో పేరుకుంది. విరేచనాలూ ఫ్యూరోసెమైడూ కలిసి పొటాషియాన్ని లాగేశాయి. గుండె కణాల మీదున్న సోడియం-పొటాషియం పంపు దగ్గర ఈ మందూ పొటాషియమూ ఒకే చోటు కోసం పోటీ పడతాయి. పొటాషియం తగ్గేకొద్దీ మందు ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది. మాత్ర పాతదే, మోతాదు పాతదే, ఒళ్లు మాత్రం పాతది కాదు.

కాబట్టి ఆవిడకి ఆ రోజు మాత్ర ఆపాల్సింది నాడి అంకె 64 వల్ల కాదు. అన్నం సహించకపోవడం, విరేచనాలు, కొత్తగా సమమైన నాడి, ఈ మూడింటి వల్ల. వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా, మాత్ర చేతిలోనే ఉంచుకుని ముందు డాక్టర్‌ని అడగాలి. పెద్ద వయసువాళ్లు కొత్తగా తికమకగా మాట్లాడుతున్నా, దీపాల చుట్టూ పసుపుపచ్చ వలయాలు కనిపిస్తున్నాయన్నా అంతే. ఆకలి లేకపోవడాన్ని "వయసు" అనీ, వాంతిని "గ్యాస్" అనీ కొట్టిపారేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ మందులో ముందుగా బయటపడే లక్షణాలు చాలాసార్లు అవే.

అపోహ: మణికట్టు దగ్గర 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే సరిపోతుంది.

సరిపోదు. లయ తప్పిన గుండెలో ఒక పావు నిమిషానికీ పక్క పావు నిమిషానికీ పొంతన ఉండదు. ఒక్క దెబ్బ తేడా వచ్చినా గుణించేసరికి నాలుగవుతుంది. పైగా త్వరపడి కొట్టిన దెబ్బకి గుండెలో రక్తం నిండే సమయం ఉండదు, ఆ అల మణికట్టు దాకా రాదు. వేలికి పెట్టే ఆక్సిమీటరుదీ, చేతి బీపీ మిషనుదీ ఇదే ఇబ్బంది. అవి చూపించేది వేలికో చేతికో చేరిన దెబ్బల్నే.

చేయాల్సిన పద్ధతి ఇది. రోగిని ఐదు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టండి, లేదా కూర్చోబెట్టండి. ఎడమ కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి ఒక గీత ఊహించుకుని, ఐదో పక్కటెముకల సందులో స్టెతస్కోప్ పెట్టండి. గుండె పెరిగినవాళ్లలో ఆ చోటు ఇంకాస్త ఎడమకి, కిందికి జరిగి ఉంటుంది. ఎక్కడ దెబ్బ గట్టిగా తగిలితే అక్కడ వినండి. "లబ్-డబ్" రెండూ కలిపి ఒకటి. సెకన్ల ముల్లు చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. వీలైతే అదే నిమిషంలో ఇంకొకరు మణికట్టు దగ్గర లెక్కపెడితే తేడా తెలుస్తుంది.

ఆ తేడాని ఎలా చదవాలో కూడా తెలియాలి. ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి మణికట్టు దగ్గర 56, గుండె మీద 78, లయ ఎప్పటిలాగే అడ్డదిడ్డం, మనిషి హాయిగా ఉన్నాడు: ఇక్కడ మణికట్టు చూసి మాత్ర ఆపితే పొరపాటు. అదే మణికట్టు దగ్గర 44, గుండె మీద సరిగ్గా రెట్టింపు 88, రెండు దెబ్బలు, ఒక ఆగుడు, మళ్లీ రెండు దెబ్బలు: 88 కదా అని వేయకూడదు. మామూలు దెబ్బ వెనకాలే ఒక అదనపు దెబ్బ జంటగా పడుతోందన్నమాట. డిగాక్సిన్ విషలక్షణాల్లో తరచుగా కనిపించే తీరు ఇది. వెంటనే ఈసీజీ తీయాలి.

ఇంట్లో స్టెతస్కోప్ లేనివాళ్లు భయపడక్కర్లేదు. బొటనవేలు కాకుండా చూపుడు, మధ్య వేళ్లతో మణికట్టు పట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టండి. అంకె పక్కనే "సమంగా", "అడ్డదిడ్డంగా", "జంటలుగా" అని ఒక మాట రాయండి. ఎప్పుడూ అడ్డదిడ్డంగా ఉండేవాళ్లకి ఒక రోజు "సమంగా" అని రాయాల్సి వస్తే ఆ రోజు ఫోన్ చేయండి.

అపోహ: తక్కువ వచ్చింది, ఆపేశాం, పని అయిపోయింది.

అసలు పని అక్కడే మొదలవుతుంది. 60 లోపు వస్తే పది నిమిషాలాగి మళ్లీ నిండు నిమిషం వినండి. అప్పుడూ తక్కువే ఉంటే మాత్ర పక్కన పెట్టి బీపీ చూడండి, వాంతి, కళ్లు తిరగడం, చూపు తేడా ఏమైనా ఉన్నాయేమో అడగండి, డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి. ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్, డిగాక్సిన్ స్థాయి అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి సిద్ధంగా ఉండండి. చార్టులో ఎంత వచ్చింది, ఎందుకు ఆపారు, ఎవరికి ఎన్ని గంటలకి చెప్పారు అన్నవన్నీ రాయండి. ఉత్త సున్నా చుట్టి వదిలేస్తే, తర్వాతి షిఫ్టువాళ్లు "పొద్దున మర్చిపోయారేమో" అని సాయంత్రం వేసేస్తారు.

కొందరు కార్డియాలజిస్టులు తమ రోగికి 50 వరకు ఇవ్వమని రాస్తారు. అలా రాసి ఉంటే ఆ అంకే లెక్క. పిల్లల సంగతి పూర్తిగా వేరు. పసిబిడ్డకి 60 అంటే అప్పటికే చాలా ప్రమాదం. నెలల బిడ్డలకి ఆ గీత 90 నుంచి 110 మధ్య, కాస్త పెద్ద పిల్లలకి 70 దగ్గర ఉంటుంది. డాక్టర్ రాసిచ్చిన అంకె లేకుండా పిల్లలకి ఈ మందు మొదలుపెట్టకండి.

ఇంట్లో అయితే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పడం, ఆయాసం, మాట తికమక ఉంటే ఫోన్ల కోసం ఆగకుండా 108.

ఇంకో మాట. ఒక మాత్ర ఆపగానే మందు ఒంట్లోంచి పోదు. కిడ్నీ బాగున్నవాళ్లలోనే సగం పోవడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో నాలుగైదు రోజులు కూడా పట్టవచ్చు. పైన చెప్పిన ఆవిడకి 2.8 నుంచి 1.4కి రావడానికే మూడు రోజులు పట్టిందనుకోండి, అన్ని రోజులూ మానిటర్ మీద కళ్లుండాలి. మళ్లీ మొదలుపెట్టినా బహుశా అర మాత్రతోనే.

మిగతావి గబగబా

"వారంలో రెండు రోజులు సెలవిస్తే విషం ఎక్కదు." వారానికి ఐదు రోజులు వాడమని మన దగ్గర రాసే పద్ధతి ఉంది. దానివల్ల వారం మొత్తం మోతాదు తగ్గుతుంది, అంతే. కిడ్నీ మందగించినవాళ్లని ఆ రెండు రోజుల సెలవు కాపాడదు.

"పొటాషియం కోసం రోజూ కొబ్బరినీళ్లు తాగిస్తున్నాం." ముందు రక్తపరీక్ష చేయించండి. పొటాషియాన్ని ఒంట్లో నిలిపే స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పొటాషియం పెరిగిపోవడమూ ప్రమాదమే.

"అమియోడరోన్ కొత్తగా రాశారు, అది వేరే మందు కదా." వేరేదే, కానీ అది రక్తంలో డిగాక్సిన్‌ని పెంచుతుంది, అందుకే డిగాక్సిన్ మోతాదు సాధారణంగా సగానికి తగ్గిస్తారు. వెరపమిల్, క్లారిత్రోమైసిన్ కూడా పెంచుతాయి. జలుబుకని మందుల షాపులో ఏ యాంటీబయాటిక్ కొన్నా డిగాక్సిన్ చీటీ చూపించండి.

"నిన్న మర్చిపోయాం, ఇవాళ రెండు వేశాం." ఎప్పుడూ వద్దు. వేసుకోవాల్సిన వేళ దాటి 12 గంటలు కాకపోతే వేసుకోవచ్చు, దాటితే ఆ పూటది వదిలేయాలి. పిల్లలు సిరప్ కక్కుకున్నా మళ్లీ పట్టకండి, ఎంత లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు.

"డిగాక్సిన్ స్థాయికి రక్తం ఎప్పుడిచ్చినా ఒకటే." మాత్ర వేసుకున్న గంటకే తీస్తే అంకె ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది, మందు ఇంకా రక్తంలోంచి కండరాల్లోకి చేరి ఉండదు. కనీసం ఆరు గంటలాగాలి. పొద్దున మాత్ర వేసుకునేవాళ్లయితే ఆ రోజుది వేసుకోకముందే రక్తం ఇచ్చేయండి, చివరి మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారో ల్యాబ్ కాగితం మీద రాయించండి.