మూలం ఉందన్నవారు దాన్ని చూపించాలి

ఒక అవిచ్ఛిన్న ప్రమేయం విలువ అంతరానికి ఒక చివర సున్నా కంటే తక్కువగా, మరో చివర ఎక్కువగా ఉంటే, మధ్యలో ఎక్కడో ఒకచోట అది సున్నా అయి తీరుతుందని కలనగణితం చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. దీన్ని మధ్యమ విలువ సిద్ధాంతం అంటారు, అలా సున్నా అయ్యే బిందువును మూలం అంటారు. నిరూపణ కూడా సులువుగానే కనిపిస్తుంది. అంతరాన్ని సగం చేసి, మధ్యబిందువు దగ్గర విలువ సున్నా అయితే అక్కడే ఆగుతాం. ధనాత్మకమైతే ఎడమ సగాన్ని, ఋణాత్మకమైతే కుడి సగాన్ని ఉంచుకుని మళ్లీ సగం చేస్తాం. ఇలా కుదించుకుంటూ పోతే ఆ అంతరాలన్నీ ఒకే బిందువు దగ్గరికి చేరతాయి. అయితే ప్రతి మెట్టులోనూ ఈ నిరూపణ ఒక విషయాన్ని అడగకుండానే తీసుకుంటోంది: ఏ వాస్తవ సంఖ్య అయినా ధనాత్మకమో, ఋణాత్మకమో, సున్నాయో మనం తేల్చగలమని.

ఇలాంటి మెట్లనే డచ్ గణితవేత్త బ్రౌవర్ 1908లో ప్రశ్నించాడు. ఏ ప్రవచనమైనా నిజం కావాలి, లేదా దాని నిషేధం నిజం కావాలి, మూడో దారి లేదనే మధ్యమ బహిష్కార నియమం పరిమిత సమూహాల నుంచి పుట్టిందని అతని వాదన. వంద సంఖ్యల్లో ఫలానా లక్షణం ఉన్నది ఒకటైనా ఉందా అంటే ఒక్కొక్కటే పరీక్షించి అవునో కాదో చెప్పవచ్చు. అంతులేని సమూహంలో ఆ పరీక్ష ముగియదు కనుక, అక్కడ అదే నియమాన్ని వాడటానికి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చూపాల్సి ఉంటుంది.

బ్రౌవర్ శిష్యుడు హైటింగ్ 1930లో ఈ ఆలోచనకు నియమబద్ధమైన రూపం ఇచ్చాడు. దాన్నే అంతర్బుద్ధి తర్కం అంటున్నాం. ఇందులో ప్రతి మాటకూ అర్థం, దాన్ని నిరూపించడానికి ఏం చేతిలో ఉండాలన్నదాన్ని బట్టే ఏర్పడుతుంది. ‘క లేదా చ’ అనాలంటే రెండింటిలో ఏది నిజమో చెప్పి, దాని నిరూపణ ఇవ్వాలి. ‘క కాదు’ అనాలంటే, క నిరూపణ ఎవరైనా తెస్తే దాన్ని వైరుధ్యంగా మార్చే పద్ధతి ఉండాలి. ‘ఫలానా లక్షణం గల వస్తువు ఉంది’ అనాలంటే ఆ వస్తువును, లేదా దాన్ని తయారుచేసే పద్ధతిని ఇచ్చి, ఆ లక్షణం దానికి ఉందని చూపాలి. వాస్తవ సంఖ్య విషయంలో తయారుచేయడం అంటే, అడిగినంత ఖచ్చితత్వంతో దాని ఉజ్జాయింపులు ఇవ్వగలగడం.

ఇక్కడ రెండు అపోహలను తొలగించడం అవసరం. మొదటిది, ఈ తర్కంలో నిజానికీ అబద్ధానికీ మధ్య మూడో విలువ ఒకటి ఉందనుకోవడం. నిజానికి ‘క లేదా క కాదు’ అన్నది తప్పు అని ఈ తర్కంలో ఎవరూ అనలేరు. అది తప్పనుకుందాం. అప్పుడు క నిజమైతే ‘క లేదా క కాదు’ వెంటనే వచ్చేస్తుంది, అది వైరుధ్యం. కాబట్టి ‘క కాదు’. కానీ ‘క కాదు’ అనగానే మళ్లీ అదే ‘క లేదా క కాదు’ వచ్చేసింది. కనుక ఆ నియమాన్ని ఖండించడమే వైరుధ్యం. అంతర్బుద్ధివాదులు ఆ నియమాన్ని ఖండించడం లేదు, అన్నిచోట్లా వర్తిస్తుందని ఒప్పుకోవడం లేదు, అంతే. రెండో అపోహ, వైరుధ్యం చూపే నిరూపణలన్నీ నిషిద్ధమనుకోవడం. రెండు వర్గమూలం కరణీయం అనే పురాతన నిరూపణ ఇక్కడా చెల్లుతుంది. అది భిన్నం అనుకుంటే వైరుధ్యం వస్తుంది, ‘భిన్నం కాదు’ అనడానికి అదే చాలు. చెల్లనిది మరో దిశ: ‘అలాంటి వస్తువు లేదు’ అనుకుంటే వైరుధ్యం వచ్చిందని చెప్పి, కాబట్టి ‘ఉంది’ అనేయడం. వైరుధ్యం ఆ వస్తువును మన చేతికి ఇవ్వదు.

ఇప్పుడు మళ్లీ సున్నా దగ్గరికి వద్దాం. రెండు కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమని గోల్డ్‌బాక్ 1742 నాటి లేఖల నుంచి వస్తున్న ఊహ. 4×10^18 వరకు కంప్యూటర్లతో సరిచూశారు, అపవాదం దొరకలేదు. నిరూపణ మాత్రం లేదు. దీని ఆధారంగా a అనే సంఖ్యను నిర్మిద్దాం. దశాంశ బిందువు తర్వాత n-వ స్థానంలో మామూలుగా 0 వేస్తాం. 2n అన్నది ఈ ఊహను భంగపరిచే మొట్టమొదటి సరి సంఖ్య అయితే మాత్రం అక్కడ 1 వేస్తాం. ఆ 2n నాలుగుతో భాగింపబడితే a ధనాత్మకం, లేకపోతే ఋణాత్మకం. ఎన్ని దశాంశ స్థానాలు కావాలన్నా a ను లెక్కించవచ్చు, అన్నే సరి సంఖ్యలను పరీక్షిస్తే సరిపోతుంది. కాబట్టి ఇది, నిర్మించి చూపితేనే ఒక వస్తువు ఉందనే నిర్మాణవాదులు కూడా ఒప్పుకునే వాస్తవ సంఖ్యే. కానీ a ≥ 0 అనో, a ≤ 0 అనో ఈ రోజు ఎవరూ చెప్పలేరు.

సున్నా నుంచి 3 వరకు ఒక ప్రమేయం తీసుకుందాం. 0 నుంచి 1 వరకు f(x) = x − 1 + a; 1 నుంచి 2 వరకు f(x) = a; 2 నుంచి 3 వరకు f(x) = x − 2 + a. గీత ఎక్కడా తెగదు. ఎడమ చివర విలువ −1 కు, కుడి చివర 1 కి అతి దగ్గరగా ఉంటుంది. సగం చేసే పద్ధతి మొదటి మెట్టులోనే 1.5 దగ్గరికి వస్తుంది, అక్కడ విలువ a. దాని గుర్తు తెలియదు కనుక పద్ధతి అక్కడే నిలిచిపోతుంది.

మరేదైనా తెలివైన పద్ధతి మూలాన్ని ఇవ్వగలదా? ఇచ్చిందనుకుని, ఆ మూలాన్ని 1/4 దోషానికి లోపు లెక్కిద్దాం. ఉజ్జాయింపు 1.5 లేదా అంతకంటే ఎక్కువ అయితే మూలం 1 కంటే పెద్దది. a ధనాత్మకమైతే ఏకైక మూలం 1 − a, అది 1 కంటే చిన్నది కనుక a ధనాత్మకం కాదని తేలిపోతుంది. ఉజ్జాయింపు 1.5 కంటే తక్కువైతే మూలం 2 కంటే చిన్నది. a ఋణాత్మకమైతే మూలం 2 − a, అంటే 2 కంటే పెద్దది కనుక a ఋణాత్మకం కాదని తేలుతుంది. అంటే ఒక్క మూలాన్ని, అదీ ముతకగా చూపించినా చాలు, గోల్డ్‌బాక్ ఊహ గురించి నేడు ఎవరికీ తెలియని విషయం బయటపడుతుంది. ఆ ఊహ రేపు తేలిపోయినా మరో అపరిష్కృత ప్రశ్నతో ఇలాంటి సంఖ్యనే నిర్మించవచ్చు. మామూలు సిద్ధాంతం ‘మూలం ఉంది’ అన్నప్పుడు ఈ సమాచారమేదీ దాని దగ్గర లేదు.

నిర్మాణవాది చేతిలో మిగిలేది మాత్రం తక్కువేం కాదు. ఎంత చిన్న దోషం కోరినా, |f(x)| దానికంటే తక్కువయ్యే బిందువును చూపించవచ్చు. మన ఉదాహరణలో 1.5 దగ్గర విలువ a; అది సున్నా కాకపోయినా, దశాంశ బిందువు తర్వాత దాదాపు 2×10^18 సున్నాలు దాటితే గానీ 1 రాదు. ప్రమేయం నిలకడగా పెరుగుతూ పోయేదైతే సరైన మూలమే దొరుకుతుంది, కాకపోతే పద్ధతి మారాలి. అంతరాన్ని మూడు సమాన భాగాలు చేసి, p, q అనే రెండు లోపలి బిందువులు తీసుకుంటే f(p), f(q) మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కంటే బాగా చిన్న దోషంతో లెక్కిస్తే f(p) < 0 లేదా f(q) > 0 అని తప్పక తేలుతుంది, దాన్ని బట్టి ఒక చివరి భాగాన్ని వదిలేస్తాం. x² − 2 కు 1, 2 మధ్య p = 4/3, q = 5/3; f(p) = −2/9 కనుక ఎడమ భాగం పోతుంది. ఇలా 20 మెట్లయ్యాక మిగిలే అంతరం వెడల్పు 0.0004 కంటే తక్కువ. ‘సున్నాయా, కాదా’ అని ఒకే బిందువును అడగడం మానేసి, ఎలాగూ ఒకదానికైనా జవాబు దొరికే రెండు ప్రశ్నలు అడగడమే ఇందులోని కిటుకు, నిర్మాణాత్మక గణితంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఇదే. ఎర్రెట్ బిషప్ 1967లో విశ్లేషణ గణితంలో చాలా భాగాన్ని ఇలాంటి మెలకువలతోనే తిరిగి నిర్మించాడు.

బ్రౌవర్‌కు గణితలోకంలో పేరు తెచ్చిన స్థిర బిందు సిద్ధాంతానికీ ఇదే పరిస్థితి. ఒక అంతరాన్ని అదే అంతరంలోకి పంపే అవిచ్ఛిన్న ప్రమేయం g ఏదో ఒక బిందువును కదపకుండా వదులుతుందనడం, g(x) − x కు మూలం ఉందనడమే. కనుక అతని కొలమానం ప్రకారమే ఆ సిద్ధాంతం నిలవదు. 1952లో అతను గోళంపై స్థిర బిందువుకు సంబంధించిన తన ఫలితాన్ని సవరిస్తూ ప్రచురించాడు. అందులో హామీ ఇచ్చేది కదలని బిందువును కాదు, కోరినంత తక్కువగా కదిలే బిందువును.