చారలు కనబడకపోతే కేంద్రకాన్ని చూడండి

ఫస్ట్ ఇయర్ ప్రాక్టికల్ పరీక్షలో నాకు ఇచ్చిన స్లైడ్ మీద లేబుల్ లేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే గులాబీ రంగు గుండ్రాలు, కొన్నింటి మధ్యలో ఊదారంగు చుక్క. చారల కోసం ఎంత వెతికినా ఒక్కటీ లేదు. చారలు లేవంటే నునుపు కండరమే కదా అని ధీమాగా రాసేసి వచ్చాను. అది గుండె గోడ నుంచి తీసిన ముక్క.

ఆ తప్పు నేనొక్కడినే చేసింది కాదని తర్వాత తెలిసింది. అస్థి కండరానికీ హృదయ కండరానికీ చారలుంటాయి, నునుపు కండరానికి ఉండవు అని స్కూల్లోనే నేర్చుకుంటాం. మాట నిజమే. కానీ ఆ చారలు కనబడాలంటే కండరాన్ని పొడవునా కోసి ఉండాలి. ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు.

చార అంటే ఏమిటో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కండర కణంలో మయోసిన్‌తో చేసిన లావు తంతువులు, ఆక్టిన్‌తో చేసిన సన్న తంతువులు వరసలు తీరి ఉంటాయి. లావు తంతువులున్న చోట ముదురు పట్టీ, సన్నవి మాత్రమే ఉన్న చోట లేత పట్టీ. ఒక లేత పట్టీ మధ్యలో ఉండే జెడ్ గీత నుంచి తర్వాతి జెడ్ గీత వరకు ఉన్న భాగం సార్కోమియర్, పొడవు సుమారు 2 మైక్రాన్లు. ఇవి ఒకదాని వెనక ఒకటి వేల సంఖ్యలో, పక్కపక్కన కూడా సరిగ్గా సరిపోయేలా నిలబడటం వల్లే అడ్డచారలు కనిపిస్తాయి. అదే కండరాన్ని అడ్డంగా కోస్తే తంతువుల కొసలు మాత్రమే మనవైపు ఉంటాయి. సన్నటి చుక్కలు తప్ప చార ఉండదు. నునుపు కండరంలోనూ ఆక్టిన్, మయోసిన్ ఉన్నాయి. కాకపోతే అవి ఇలా వరస తీరవు. ఆక్టిన్ తంతువులు కణంలో అక్కడక్కడా ఉండే దట్టమైన ముద్దలకు అంటుకుని ఏటవాలుగా సాగుతాయి. అందుకే దాన్ని ఎటు కోసినా చార రాదు.

పొడవుగా కోసిన స్లైడ్‌లో కూడా మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులతో చారలు ఒక్కోసారి మసకగానే ఉంటాయి. అప్పుడు మైక్రోస్కోప్ కింద వెలుగును అదుపు చేసే డయాఫ్రమ్‌ను కాస్త మూయాలి. కాంట్రాస్ట్ పెరిగి చారలు తేలతాయి. వెలుగు ఎక్కువైతే బాగా కనిపిస్తుందనుకుని దాన్ని పూర్తిగా తెరిచి పెట్టుకోవడం కొత్తవాళ్ల అలవాటు.

అడ్డకోతలో ఇక మిగిలిన ఆధారం కేంద్రకం. నా దృష్టిలో చార కన్నా ఇదే నమ్మకమైన సాక్షి. ఎందుకంటే కేంద్రకం ఎక్కడుందన్నది ఆ కణం ఎలా తయారైందో చెబుతుంది.

అస్థి కండర తంతువు ఒక్క కణంగా పుట్టలేదు. పిండ దశలో ఎన్నో చిన్న కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడవైన గొట్టంలా మారతాయి. మొదట్లో కేంద్రకాలన్నీ ఆ గొట్టం మధ్యలో వరసగా ఉంటాయి. లోపల సంకోచించే తంతువుల కట్టలు నిండేకొద్దీ అవి అంచుకు చేరి, పొర కిందే నొక్కుకుపోయినట్టు నిలుస్తాయి. అందుకే పెద్దవాళ్ల అస్థి కండరాన్ని అడ్డంగా కోస్తే 10 నుంచి 100 మైక్రాన్ల వెడల్పున్న బహుభుజులు, వాటి అంచున ఒకటో రెండో చదునైన కేంద్రకాలు కనబడతాయి. దీన్ని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు.

చిక్కంతా మిగతా రెండింటి మధ్యే. రెండింటిలోనూ కేంద్రకం మధ్యలోనే ఉంటుంది. నునుపు కండర కణం నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది. పేగు గోడలో ఒక కణం పొడవు 200 మైక్రాన్లు, దాని కేంద్రకం పొడవు 20 మైక్రాన్లు అనుకుందాం. కణాన్ని ఎక్కడో ఒకచోట అడ్డంగా కోస్తే కత్తి కేంద్రకం గుండా వెళ్లే అవకాశం దాదాపు పదిలో ఒకటి. మిగతా తొమ్మిది కోతల్లో కేంద్రకం ఉండదు. పైగా కొసల దగ్గర తెగితే చిన్న చుక్క, నడుమ తెగితే పెద్ద చుక్క. అంటే అడ్డకోతలో రకరకాల సైజుల గుండ్రాలు కలగలిసి ఉంటాయి, కేంద్రకం పెద్ద గుండ్రాల్లోనే దొరుకుతుంది. అంత పెద్దదైనా మామూలుగా 10 మైక్రాన్లు దాటదు.

హృదయ కండర కణాల్లోనూ కేంద్రకం లేని గుండ్రాలే ఎక్కువ కనిపిస్తాయి. నేను మోసపోయింది అక్కడే. కానీ వాటి వెడల్పు 10 నుంచి 25 మైక్రాన్ల దాకా ఉంటుంది, కొసల వైపు సన్నబడిపోవు. కేంద్రకం చుట్టూ తంతువులు లేని లేత జాగా ఉంటుంది. వయసు మళ్లినవాళ్ల గుండె అయితే ఆ జాగాలో గోధుమ రంగు లిపోఫ్యూసిన్ రేణువులు పేరుకుని ఉంటాయి. దాదాపు ప్రతి కణం పక్కనా ఒక సన్నటి రక్తనాళిక ఉంటుంది. ఇవన్నీ ఆ రోజు నా కళ్ల ముందే ఉన్నాయి.

ఇంకా సులువైన పని ఒకటుంది. గుండె గోడలో కండరం ఒకే దిశలో సాగదు, పొరపొరకూ మెలి తిరుగుతుంది. స్లైడ్‌ను కాస్త పక్కకు జరిపితే పొడవునా తెగిన చోటు తగిలేది. అక్కడ చారలు, కొమ్మలు చీలే కణాలు, వాటితోపాటు ఇంటర్‌కలేటెడ్ డిస్కులు కూడా కనబడేవి.

ఈ డిస్కులు కణానికీ కణానికీ మధ్య అతుకులు. 80 నుంచి 100 మైక్రాన్ల పొడవున్న కణాలు కొసలు కలిపి నిలబడిన చోట, చారలకన్నా ముదురైన అడ్డగీతలా కనిపిస్తాయి. జెడ్ గీత ప్రతి 2 మైక్రాన్లకూ వస్తుంది, సన్నగా ఉంటుంది. డిస్కు అరుదుగా వస్తుంది, లావుగా ఉంటుంది, చాలాసార్లు తిన్నగా పోకుండా మెట్లు మెట్లుగా దిగుతుంది. మామూలు రంగుల్లో ఇది సరిగా కనబడదు కాబట్టి ఐరన్ హెమటాక్సిలిన్ లాంటి రంగు వేస్తారు. హృదయ కండరమంతా విడదీయలేని ఒకే జీవపదార్థపు వల అని చాలాకాలం అనుకున్నారు. డిస్కు దగ్గర రెండు కణాల పొరలూ విడివిడిగా ఉన్నాయని 1954లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపించాక ఆ వాదం నిలవలేదు.

మెట్టులోని అడ్డభాగం లాగుడును తట్టుకుంటుంది. చివరి సార్కోమియర్ తాలూకు ఆక్టిన్ తంతువులు అక్కడే అంటుకుంటాయి. డెస్మోసోములు రెండు కణాలనూ గుండీల్లా బిగించి పట్టుకుంటాయి. లాగుడు అంతగా పడని నిలువు భాగంలో ఎక్కువగా గ్యాప్ జంక్షన్లుంటాయి. అయాన్లు వీటి గుండా ఒక కణం నుంచి పక్క కణంలోకి పోతాయి కాబట్టే విద్యుత్ సంకేతం ఆగకుండా సాగుతుంది. డెస్మోసోము ప్రోటీన్ చెడితే ఏమవుతుందో గ్రీసులోని నాక్సోస్ దీవి పేరు పెట్టిన జబ్బు చూపిస్తుంది. ప్లాకోగ్లోబిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం వల్ల గుండె కణాలు విడిపోయి చనిపోతాయి, వాటి స్థానంలో కొవ్వు, పీచు కణజాలం చేరుతుంది, గుండె లయ తప్పుతుంది. అదే ప్రోటీన్ చర్మంలోనూ పనిచేస్తుంది కనుక ఆ రోగుల అరచేతులు, అరికాళ్లు మందంగా మారతాయి, జుట్టు ఉన్నిలా ఉంటుంది.

కేంద్రకం సాక్ష్యానికీ ఒక పరిమితి ఉంది. దెబ్బతిన్న అస్థి కండరం మళ్లీ పెరిగేటప్పుడు పిండ దశలో లాగే కేంద్రకాలు మధ్యలో ఉంటాయి. కండర క్షీణత జబ్బుల్లో బయాప్సీ చూసేవాళ్లు అలాంటి తంతువుల కోసమే వెతుకుతారు. అయితే ఆ ముక్క స్నాయువుకు అతుక్కునే కొస నుంచి తీసిందేమో ముందు చూసుకోవాలి. అక్కడ ఆరోగ్యంగా ఉన్న కండరంలో కూడా కేంద్రకాలు లోపలికి ఉండటం మామూలే.