ఐదు స్టేజీలున్నా ఐదు రెట్ల వేగం ఎందుకు రాదు?

ప్రాసెసర్‌లో ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తి కావడానికి 850 పికోసెకండ్లు పడుతుందనుకుందాం. ఆ పనిని ఐదు స్టేజీలుగా విడగొట్టి, ఒక ఇన్‌స్ట్రక్షన్ తర్వాతి స్టేజీకి వెళ్లగానే దాని వెనక ఇంకొకటి మొదలయ్యేలా పైప్‌లైన్ చేస్తే వేగం ఐదు రెట్లు అవుతుందని చాలామంది లెక్కేస్తారు. పని ఐదు సమాన ముక్కలైతేనే ఆ లెక్క చెల్లుతుంది. నిజానికి అలా తెగదు.

మన ఉదాహరణలో ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకోవడానికి 220, డీకోడ్‌కి 120, లెక్క చేయడానికి 180, మెమరీకి 240, ఫలితం రాయడానికి 90 పికోసెకండ్లు. స్టేజీలన్నీ ఒకే క్లాక్ తాళానికి కదులుతాయి, ఒక్కో క్లాక్‌కి ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తవుతుంది. కాబట్టి అది అన్నిటికంటే నెమ్మదైన మెమరీ స్టేజీకి సరిపోవాలి. ఫలితం రాసే స్టేజీ 90లోనే పని ముగించి, మిగతా 150 పికోసెకండ్లూ ఊరికే ఎదురుచూస్తుంది. ఇక్కడే వేగం 850/240, అంటే సుమారు 3.54 రెట్లకు పడిపోయింది.

దీనిమీద లాచ్ ఖర్చు కూడా ఉంది. ఒక స్టేజీ ఫలితాన్ని తర్వాతి స్టేజీ కోసం పట్టి ఉంచేది లాచ్. క్లాక్ అంచు రాకముందే డేటా కాసేపు స్థిరంగా ఉండాలి, అంచు వచ్చాక అది బయటికి రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది. క్లాక్ సంకేతం చిప్‌లో అన్నిచోట్లకీ సరిగ్గా ఒకే క్షణంలో చేరదు కూడా. ఇవన్నీ కలిపి 20 అనుకుంటే, క్లాక్ పీరియడ్ 240 + 20 = 260 పికోసెకండ్లు. స్పీడప్ 850/260, సుమారు 3.27. స్టేజీలన్నీ సమానంగా 170 చొప్పున ఉండి ఉంటే, ఇదే లాచ్ ఖర్చుతో 850/190, దాదాపు 4.47 వచ్చేది. అంటే ఇక్కడ ఎక్కువ నష్టం లాచ్ వల్ల కాదు, అసమానత వల్లే.

మరి ఏ స్టేజీని చీల్చాలి? 180 ఉన్న లెక్క స్టేజీని రెండు 90లు చేశామనుకోండి. క్లాక్ 260 దగ్గర నుంచి కదలదు. పైగా ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఇప్పుడు ఆరు స్టేజీలు దాటాలి, 1300 బదులు 1560 పికోసెకండ్లు పడుతుంది. స్టేజీ పెంచినా క్లాక్ మారలేదంటే తప్పు చోట కోశామన్నమాట. మెమరీ స్టేజీని రెండు 120లు చేస్తే మాత్రం క్లాక్ 240కి దిగుతుంది. అంతకంటే దిగదు, ఎందుకంటే ఇప్పుడు 220 ఉన్న మొదటి స్టేజీ అడ్డం నిలిచింది. దాన్నీ సగం చేస్తే గరిష్ఠం 180, క్లాక్ 200, స్పీడప్ 4.25.

ఇలా కోస్తూ పోతే? ముక్క ఎంత చిన్నదైనా 20 పికోసెకండ్ల లాచ్ ఖర్చు తగ్గదు. 20 పికోసెకండ్ల పనికి 20 లాచ్‌కే పోతుంటే, క్లాక్‌లో సగం పని కానిదే. పైగా ఈ స్పీడప్‌లన్నీ పైప్‌లైన్ ఎప్పుడూ నిండుగా ఉంటుందన్న లెక్కమీద వచ్చినవి. మన ఐదు స్టేజీల పైప్‌లైన్‌లో పది ఇన్‌స్ట్రక్షన్లే నడిపితే 14 క్లాక్‌లు, 3640 పికోసెకండ్లు పడతాయి. విడగొట్టకపోతే 8500. స్పీడప్ 2.34కి మించదు.