తొలకరి చినుకులో మురికి ఎక్కువెందుకు? వాన గాలిని కడిగే తీరు వెనక 170 ఏళ్ల కథ

ఆరుబయట నిలిపిన కారు మీద తొలకరి చినుకులు నాలుగు రాలి ఆరిపోతే, ఒక్కో చినుకు పడ్డ చోట గుండ్రంగా మట్టి మరక మిగులుతుంది. మరక అంచు దగ్గర రంగు ముదురుగా ఉంటుంది, ఎందుకంటే నీరు ఆరుతూ తనలోని దుమ్మును అంచుకు నెట్టేస్తుంది. అదే కారును శుభ్రంగా తుడిచి, గంటసేపు జోరువాన కురిశాక మళ్లీ ఎండలో ఆరనిస్తే అలాంటి మరకలు దాదాపు కనిపించవు. రెండుసార్లూ పడింది ఆకాశం నుంచి వచ్చిన నీరే. ఈ తేడా ఎక్కడిదో తేలడానికి ఒక శతాబ్దం పైనే పట్టింది.

వాన నీటిని సీసాల్లో పట్టి, ఊరి గాలి ఎలా ఉందో చెప్పించవచ్చని పట్టుదలగా చూపినవాడు రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ అప్పట్లో నూలు మిల్లుల ఊరు, బొగ్గు పొగ ఊరు. ఊరికి దూరంగా పొలాల మీద పడే వానలో అమ్మోనియం కార్బొనేట్, శివార్లలో అమ్మోనియం సల్ఫేట్, ఊరి నడుమ నేరుగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కనిపిస్తున్నాయని 1852లో ఆయన రాశాడు. 1872లో వెలువడిన ఆయన పుస్తకంలో ‘ఆమ్ల వర్షం’ అన్న మాట ఉంది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లోనే రోథమ్‌స్టెడ్ పొలాల్లో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు మరో ప్రశ్న వేసుకున్నారు: పంటకు కావలసిన నత్రజని వానతోనే వచ్చేస్తుందా? అందుకోసం ఎకరంలో వెయ్యో వంతు, అంటే సుమారు 4 చదరపు మీటర్ల వైశాల్యమున్న పెద్ద వాన తొట్టి కట్టి, 1853 నుంచి నీళ్లు పట్టసాగారు. వానతో నత్రజని వస్తుంది గానీ పంటకు చాలినంత కాదని తేలింది. వీళ్లందరికీ వానలో ఏముందో తెలిసింది. అది చినుకులోకి ఎలా చేరిందో ఇంకా తెలియలేదు.

ఆ ప్రశ్నను తొందరపెట్టింది అణుబాంబు. 1953 ఏప్రిల్ 25న అమెరికాలోని నెవాడా ఎడారిలో ఒక బాంబును పరీక్షించారు. దాని ధూళి మేఘం పై గాలుల్లో దేశం అడ్డంగా సాగి, ఒకటిన్నర రోజు తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరి మీదికి చేరింది. సరిగ్గా అప్పుడే అక్కడ ఉరుములతో గట్టి వాన పడింది. స్థానిక కళాశాల ప్రయోగశాలలో రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్లు ఉన్నట్టుండి ఎక్కువ చూపడంతో విషయం బయటపడింది. పరీక్ష జరిగిన చోటు నుంచి మూడున్నర వేల కిలోమీటర్ల పైన దూరాన, వాన పడిన ఊళ్లోనే ధూళి దిగింది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాతా ఇదే జరిగింది. బ్రిటన్‌లో మే మొదటి వారంలో గట్టిగా వాన పడిన కంబ్రియా, ఉత్తర వేల్స్ కొండల మీద రేడియోధార్మిక సీసియం ఎక్కువగా దిగింది. అక్కడి గొర్రెల అమ్మకాలపై పెట్టిన ఆంక్షలు పూర్తిగా తొలగింది 2012లో.

1957లో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో పనిచేసే స్టాన్లీ గ్రీన్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు, రేడియోధార్మిక ధూళిని వాన ఎంత త్వరగా దింపగలదో లెక్కగట్టాడు. ఆ లెక్కలో అనుకోని విషయం ఒకటి బయటపడింది.

పడుతున్న చినుకును దగ్గరగా ఊహించుకుందాం. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతుంది. దారిలోని గాలి దాని ముందు నుంచి రెండు పక్కలకూ విడిపోయి వెనక్కి జారిపోతుంది. ఆ గాలిలో 10 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో నూరో వంతు సైజున్న మట్టి రేణువు ఉంటే, దానికి బరువుంది కాబట్టి గాలితో పాటు చటుక్కున పక్కకు తిరగలేదు, నేరుగా వెళ్లి చినుకుకు తగులుతుంది. పరుగెత్తే బస్సు ముందు అద్దానికి తూనీగ తగిలినట్టే ఇది. 0.01 మైక్రాను రేణువుకు బరువే లేదు గానీ, గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ వణుకుతూ ఉంటుంది, ఆ వణుకులో చినుకు మీద పడిపోతుంది. చిక్కంతా నడిమి సైజుతోనే. 0.1 నుంచి 1 మైక్రాను దాకా ఉన్న రేణువు నేరుగా గుద్దుకునేంత బరువైంది కాదు, వణికి తగిలేంత తేలికదీ కాదు. అద్దాన్ని ఒరుసుకుంటూ పోయే పొగలా చినుకు పక్కనుంచి జారిపోతుంది. ఈ సందుకు ‘గ్రీన్‌ఫీల్డ్ గ్యాప్’ అనే పేరు నిలిచిపోయింది. వాహనాల పొగ, చెత్త, గడ్డి కాల్చిన పొగ చాలావరకు సరిగ్గా ఈ సైజులోనే ఉండటం మన దురదృష్టం.

ఒక వానను లెక్కలో పెట్టి చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. గంటకు 10 మిల్లీమీటర్ల వాన, చినుకులన్నీ 2 మిల్లీమీటర్లవే అనుకుందాం. గాలిలోని ఏ చోటునైనా గంటలో సగటున ఏడున్నర చినుకులు దాటుకుపోతాయి. దారిలో ఎదురైన 10 మైక్రాన్ల రేణువుల్లో సగం చినుకుకు అంటుకుంటాయనుకుంటే, గాలిలోని ఆ దుమ్ము 11 నిమిషాల్లో సగానికి పడిపోతుంది. నడిమి సైజు రేణువులు వెయ్యిలో ఒకటే అంటుకుంటుందనుకుంటే, అవి సగానికి తగ్గడానికి ఇదే వాన దాదాపు నాలుగు రోజులు ఆగకుండా కురవాలి. జల్లు పడగానే 10 మైక్రాన్ల లోపు దుమ్మును లెక్కించే పీఎం 10 గబుక్కున తగ్గి, 2.5 మైక్రాన్ల లోపు సన్న రేణువులనే లెక్కించే పీఎం 2.5 మొండికేయడం ఇందువల్లనే.

అలాగని సన్న పొగను వాన అసలు దింపదని కాదు, దింపే చోటు వేరు. మేఘంలో ప్రతి నీటి బిందువూ ఏదో ఒక రేణువును పట్టుకునే పుడుతుంది, సల్ఫేట్, ఉప్పు లాంటి నీటిని పీల్చే సన్న రేణువులు అందుకు బాగా పనికొస్తాయి. అలాంటి బిందువులు లక్షల్లో కలిసి ఒక చినుకవుతాయి. కాబట్టి మేఘం లోపల కడగడం ఒక పని, మేఘం కింద కడగడం మరో పని. మొదటిది సన్న రేణువులను బాగా దింపుతుంది, వాన పడుతున్నంతసేపూ సాగుతుంది. రెండోది ముతక దుమ్మును త్వరగా ఊడ్చేసి, ఊడ్చడానికి ఇంకేమీ లేక ఆగిపోతుంది. తొలి చినుకుల మురికిలో పెద్ద వాటా ఈ రెండోదానిదే.

ఆ వాటాను కొలిచి చూద్దాం. నేల నుంచి కిలోమీటరు ఎత్తు దాకా, ఘనమీటరు గాలిలో 100 మైక్రోగ్రాముల ముతక దుమ్ము ఉందనుకోండి. ఒక చదరపు మీటరు నేల మీద నిలిచిన గాలిలో అది మొత్తం 100 మిల్లీగ్రాములు అవుతుంది. పై వానలో 11 నిమిషాలకు దాదాపు 2 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 2 లీటర్ల నీరు పడుతుంది, సగం దుమ్ము దిగుతుంది. లీటరుకు 25 మిల్లీగ్రాములన్నమాట. తర్వాతి 2 మిల్లీమీటర్లలో లీటరుకు పన్నెండున్నర, ఆ తర్వాత 6, ఆపైన 3. పది మిల్లీమీటర్లు నిండేసరికి గాలిలో మిగిలేది నూటికి మూడు వంతులు. దుమ్ము నిల్వ ఇంతే అని ఉంది, నీరు మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే మొదటి నీళ్లు చిక్కన, తర్వాతివి పలచన.

దీనికి తోడు ఆవిరి. ఎండిన గాలిలో తొలి చినుకులు నేలకు చేరేలోపే కొంత ఆరిపోతాయి. సన్న చినుకులైతే దారిలోనే మాయమవుతాయి. నీరు సగం ఆరిందంటే అందులోని మురికి గాఢత రెట్టింపయినట్టే. కాసేపటికి వాన గాలిని తడిపి చల్లబరుస్తుంది, ఆ ఆరిపోవడం తగ్గుతుంది. ఎండాకాలంలో నాలుగు చినుకులు రాలి ఆగిపోయే జల్లు అన్నిటికంటే మురికిగా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రెండు నెలలు వాన లేకపోతే గాలిలో రెండు నెలల మురికి పోగవుతుందనుకుంటారు. అలా కాదు. ముతక దుమ్ము గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే దిగిపోతుంది, సన్న రేణువులు గాలిలో ఉండేది వారం అటూ ఇటూ. వాన కడిగిన గాలి కొద్ది రోజుల్లో మళ్లీ పాత స్థితికి వస్తుంది, ఆపైన ఎన్ని ఎండ రోజులు గడిచినా పెద్దగా పెరగదు. నెలల తరబడి పోగయ్యేది ఇంటి కప్పు మీద, ఆకుల మీద, రోడ్డు మీద. తొలకరికి చూరు నుంచి కారే నల్లని నీళ్లలో చాలా భాగం గాలిది కాదు, కప్పుది.

ఈ రెంటినీ విడదీయకపోవడం వల్లే పాత కొలతలు చాలా వరకు తప్పుదారి పట్టించాయి. రాత్రింబవళ్లు తెరిచి ఉంచిన గిన్నెలో వాన లేని రోజుల దుమ్ము కూడా పడి, తర్వాత వాన నీటిలో కలిసి, అంతా వాన తెచ్చినట్టే కనిపిస్తుంది. అందుకని మూత ఉన్న పరికరాలు వచ్చాయి. చినుకు తగలగానే సెన్సర్ మూత తెరుస్తుంది, వాన ఆగగానే మూసేస్తుంది. కానీ మూత తెరవడం కొద్దిగా ఆలస్యమైతే పోయేది సరిగ్గా ఆ తొలి చినుకులే. అంటే ఏ భాగం అతి మురికో అదే లెక్కలోకి రాదు. భారత వాతావరణ శాఖ వాన నీటి రసాయనాన్ని గమనించే కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి.

చేత్తో చేసి చూడాలంటే 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గరాటు చాలు. దాని మీద 1 మిల్లీమీటరు వాన పడితే 31 మిల్లీలీటర్లు వస్తుంది. ముందే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మూసి ఉంచి, వాన మొదలవగానే తెరిచి, ప్రతి 31 మిల్లీలీటర్లకు సీసా మార్చాలి. సబ్బు వాడకూడదు, దాని జాడ వాన నీటిలోని లవణాల కంటే ఎక్కువ ఉండొచ్చు. గరాటు కడిగిన డిస్టిల్డ్ వాటర్‌ను కూడా ఒక సీసాలో పట్టి కొలవాలి, గరాటు నుంచి వచ్చిందెంతో దానివల్ల తెలుస్తుంది. నీటిలో కరిగిన లవణాలెంతో చెప్పే విద్యుత్ వాహకత మొదటి సీసాలో ఎక్కువగా ఉండి, తర్వాత మెట్లు దిగినట్టు తగ్గుతుంది. ఆమ్లం ఎంతుందో చెప్పే పీహెచ్ కథ వేరు, ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. శుభ్రమైన వాన పీహెచ్ దాదాపు 5.6. మన వైపు మట్టి దుమ్ములో కాల్షియం ఉండటం వల్ల తొలి సీసాలు అంతకంటే పైన, 6, 7 దాకా ఉండొచ్చు. దుమ్ము కడిగేశాక వచ్చే సీసాల్లో అది తగ్గుతూ పోవచ్చు. మురికి ఎక్కువున్న నీరే ఆమ్లం తక్కువున్న నీరు కావడం కొత్తవారిని తికమక పెడుతుంది.

వాన వెలిశాక ఫోన్‌లో గాలి నాణ్యత అంకెలు చూసేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తేమకు సన్న రేణువులు ఉబ్బుతాయి, గాలిని ఆరబెట్టకుండా కాంతితో కొలిచే చవక సెన్సర్లు ఆ ఉబ్బును కూడా పీఎం 2.5గా లెక్కేస్తాయి. రెండోది, కార్బన్ మోనాక్సైడ్ నీటిలో దాదాపు కరగదు, నైట్రోజన్ డైఆక్సైడ్ కరిగేది చాలా తక్కువ. వాన తర్వాత అవి తగ్గాయంటే కడిగింది చినుకు కాదు, వానతో వచ్చిన ఈదురుగాలి.

డాబా మీది నీళ్లను సంపులోకి పట్టేవారికి లెక్క సులువు. మొదటి 2 మిల్లీమీటర్లు వదిలేయాలనుకుంటే, 100 చదరపు మీటర్ల డాబాకు అది 200 లీటర్లు. ఆ నీళ్లు ముందు నిండేలా నిలువు పైపో డ్రమ్మో పెట్టి, అది నిండాకే సంపులోకి దారి మళ్లేలా బిగించాలి. డ్రమ్ము అడుగున సన్న రంధ్రం ఉంచితే, వాన వెలిశాక అదే ఖాళీ అవుతుంది. ఆ రంధ్రం మట్టితో పూడుకుపోతే డ్రమ్ము నిండుగానే ఉండిపోయి, తర్వాతి ఎండ విరామం ముగిశాక పడే తొలి జల్లు మురికంతా నేరుగా సంపులోకే పోతుంది. అందుకే రోహిణి కార్తెలోనే దాన్ని ఒకసారి విప్పి పొడిచి చూసుకోవాలి.