సీజీపీఏ నుంచి పర్సంటేజీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: సీజీపీఏని 9.5తో గుణిస్తే పర్సంటేజీ వచ్చేస్తుంది.

కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో కూర్చున్నవాళ్లకి రోజూ వినిపించే మాట ఇది. 9.5 సీబీఎస్‌ఈ పదో తరగతికి సీజీపీఏ ఇచ్చిన రోజుల్లోని లెక్క. బీటెక్‌కి దాంతో సంబంధం లేదు. ఏ ఫార్ములా వాడాలో మీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్‌లోనే ఉంటుంది. హైదరాబాద్ జేఎన్టీయూలో ఆర్18 రెగ్యులేషన్ కింద చదివినవాళ్లకైతే అది (సీజీపీఏ − 0.5) × 10.

ఆ 0.5 ఎందుకు తీసేస్తారని చాలామంది అడుగుతారు, మార్కులు కోసేసినట్టు బాధపడతారు కూడా. ఆర్18లో 70 నుంచి 80 లోపు ఎన్ని వచ్చినా ‘ఎ’ గ్రేడే, 8 పాయింట్లే. 71 వచ్చినా 8, 79 వచ్చినా 8. అందుకే మధ్యలో ఉన్న 75ని తీసుకుంటారు. 8లోంచి 0.5 తీసి పదితో గుణిస్తే వచ్చేదీ అదే. అంటే ఈ పర్సంటేజీ ఒక అంచనా. మీ అసలు మార్కుల సగటు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

ఒకరి సీజీపీఏ 7.84 అనుకుందాం. యూనివర్సిటీ లెక్కన 73.4 శాతం. 9.5తో గుణిస్తే 74.48, ఊరికే పదితో గుణిస్తే 78.4. ఉద్యోగం ఫారంలో 78.4 అని రాసి, వెరిఫికేషన్‌లో యూనివర్సిటీ కాగితం 73.4 అని చూపిస్తే, హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని అమాయకపు పొరపాటుగా చూస్తారన్న గ్యారంటీ లేదు.

అపోహ: పర్సంటేజీ సర్టిఫికెట్ కన్సల్టెన్సీ వాళ్లో, నోటరీయో ఇచ్చినా చెల్లుతుంది.

చెల్లదు. నోటరీ ధ్రువీకరించేది నకలునో, సంతకాన్నో. మీ మార్కుల లెక్కని కాదు. డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పరీక్షల విభాగమే ఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. తికమకంతా అటానమస్ కాలేజీల్లోనే. అక్కడ మెమోలు కాలేజీవి, డిగ్రీ పట్టా యూనివర్సిటీది. కాలేజీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ సంతకంతో ఇచ్చే లెటర్‌ని, సర్టిఫికెట్ అడిగినవాళ్లలో కొందరు తీసుకుంటారు, కొందరు యూనివర్సిటీదే కావాలంటారు. ఫీజు కట్టేముందే అవతలివాళ్లకి ఒక మెయిల్ పెట్టి అడగండి.

చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే చూసుకోండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, హాల్‌టికెట్ నంబరు, రెగ్యులేషన్, సీజీపీఏ, ఫార్ములా, సంతకం, సీలు. ఫార్ములా లేకుండా పర్సంటేజీ ఒక్కటే ఉంటే తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

అపోహ: ఏ దేశానికి వెళ్లినా ఈ సర్టిఫికెట్ ఉండాల్సిందే.

అక్కర్లేదు. విదేశీ డిగ్రీలని మదింపు చేసే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు కోర్సులవారీ మూల్యాంకనంలో సబ్జెక్టుల గ్రేడ్లు చూసి సొంతంగా జీపీఏ లెక్కేస్తాయి. వాళ్లకి కావలసింది ట్రాన్స్‌క్రిప్ట్. జర్మనీ యూనివర్సిటీలు చాలావరకు మీ సీజీపీఏతో పాటు గరిష్ఠం ఎంత, పాస్‌కి కనీసం ఎంత అని చూస్తాయి. 7.84కి గరిష్ఠం 10, కనీసం 5 అనుకుంటే, దాన్ని జర్మన్ గ్రేడుగా మార్చే బవేరియన్ ఫార్ములాలో 1 + 3 × (10 − 7.84) ÷ (10 − 5), అంటే దాదాపు 2.3. అక్కడికి వెళ్లేవాళ్లు పర్సంటేజీ లెటర్ కోసం తిరిగేకంటే, ఆ కనీస పాస్ గ్రేడు రాసున్న కాగితం అడగడం మేలు. చాలాసార్లు అది మెమో వెనకాలే అచ్చై ఉంటుంది, ఎవరూ తిప్పి చూడరు.